లిథియం సెల్‌ను 4.2 వోల్టుల దాకా నింపకుండా ముందే ఆపితే ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎలక్ట్రిక్ స్కూటర్ ప్యాకులు, ఇంటి సోలార్ బ్యాటరీలు కట్టేవాళ్లూ వాడేవాళ్లూ పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ప్రత్యేకంగా చెప్పని చోటల్లా ఎన్‌ఎంసీ రకం సెల్ గురించే మాట్లాడుతున్నాం. అంటే నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన కాథోడ్, గ్రాఫైట్ ఆనోడ్ ఉండి, కంపెనీ లెక్క ప్రకారం 4.2 వోల్టుల దగ్గర నిండే సెల్. ఎల్‌ఎఫ్‌పీ అనే ఇనుము, ఫాస్ఫేట్ కాథోడ్ సెల్ సంగతి వేరు, దానికి కింద విడిగా ఒక ప్రశ్న ఉంది. సైకిల్ అన్న మాటకు ఇక్కడ అర్థం సెల్‌ను ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి మళ్లీ నింపడం.

4.2కు బదులు 4.1 దగ్గర ఆపితే ఎంత పోతుంది, ఎంత కలిసొస్తుంది?

ఒక్కో ఛార్జింగ్‌కు దాదాపు పది శాతం కెపాసిటీ తగ్గుతుంది. సైకిళ్లు మాత్రం సుమారు రెట్టింపవుతాయి. 4.2 దాకా నింపుతూ వాడిన మామూలు సెల్ 300 నుంచి 500 సైకిళ్లకు 80 శాతం కెపాసిటీకి పడిపోతుందనుకుంటే, అదే సెల్ 4.1 దగ్గర ఆపితే 600 నుంచి 1000 దాకా వస్తుందన్నది ఈ రంగంలో అందరూ వాడే స్థూలమైన అంచనా. 4.0కి దిగితే కెపాసిటీలో ఇరవై శాతానికి పైగా వదులుకుంటాం, సైకిళ్లు ఇంకా పెరుగుతాయి.

మీ సెల్ ఈ అంకెల్ని తు.చ. తప్పకుండా పాటించదు. మంచి కంపెనీ సెల్ 4.2 దగ్గరే వెయ్యి సైకిళ్లు దాటొచ్చు, నాసిరకంది 4.1 దగ్గర కూడా 400కే చతికిలపడొచ్చు. అయినా వోల్టేజ్ తగ్గిస్తే ఆయుష్షు పెరగడం మాత్రం దాదాపు ప్రతి ఎన్‌ఎంసీ సెల్‌లోనూ కనిపిస్తుంది.

ఆఖరి 0.1 వోల్టులో అంత హాని ఏముంది?

సెల్‌ను ఛార్జ్ చేయడమంటే కాథోడ్‌లోంచి లిథియాన్ని బయటికి లాగి గ్రాఫైట్ పొరల్లో దాచడం. ఎంత ఎక్కువ లిథియం లాగితే కాథోడ్ వోల్టేజ్ అంత పైకి వెళ్తుంది. మల్టీమీటర్‌లో కనిపించే 4.2 అనేది కాథోడ్, ఆనోడ్ వోల్టేజ్‌ల మధ్య తేడా. నిండిన గ్రాఫైట్ వోల్టేజ్ లిథియం లోహంతో పోలిస్తే 0.1 దగ్గర ఉంటుంది. కాబట్టి సెల్ 4.2 చూపిస్తున్నప్పుడు కాథోడ్ నిజానికి 4.3 దగ్గర కూర్చుని ఉంటుంది.

ఎలక్ట్రోలైట్‌లో ఉండే కార్బొనేట్ ద్రావకాలకు ఆ వోల్టేజ్ సుఖమైన చోటు కాదు. కాథోడ్ ఉపరితలం వాటి నుంచి ఎలక్ట్రాన్లు లాక్కోవడం మొదలుపెడుతుంది, అంటే ద్రావకం నెమ్మదిగా ఆక్సీకరణ చెందుతుంది. దాంతో వాయువులు పుడతాయి, ఆమ్ల గుణమున్న పదార్థాలు పుడతాయి, కాథోడ్ మీద నిరోధం పెంచే పొర పేరుకుంటుంది. 4.0 దగ్గర కూడా ఈ చర్య ఉంటుంది కానీ చాలా నెమ్మదిగా సాగుతుంది. వోల్టేజ్ పెరిగేకొద్దీ దాని వేగం అదే నిష్పత్తిలో పెరగదు, అంతకంటే చాలా ఎక్కువగా ఎగబాకుతుంది. అందుకే 3.9 నుంచి 4.0కి వెళ్లినప్పటి హాని, 4.1 నుంచి 4.2కి వెళ్లినప్పటి హాని సమానం కావు.

రెండో దెబ్బ కాథోడ్ నిర్మాణానికే తగులుతుంది. ఎన్‌ఎంసీ స్ఫటికం పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరల మధ్య లిథియం అంతస్తుల మధ్య స్తంభాల్లా నిలబడి ఉంటుంది. లిథియం కొంత పోయినప్పుడు పొరలు ఒకదాన్నొకటి నెట్టుకుని కాస్త ఎడమవుతాయి. ఇంకా లాగుతూ పోతే 4.1, 4.2 ప్రాంతంలో ఉన్నట్టుండి దగ్గరికి కుంగుతాయి. నికెల్ ఎక్కువున్న సెల్స్‌లో ఈ కుంగుబాటు మరీ గట్టిగా ఉంటుంది. ప్రతి ఛార్జింగ్‌కూ ఇలా కుంగి, ప్రతి డిస్‌ఛార్జ్‌కూ మళ్లీ లేస్తుంటే కాథోడ్ రేణువులకు పగుళ్లు పడతాయి. పగులు పడితే కొత్త ఉపరితలం బయటపడుతుంది, ఆ కొత్త చోట మళ్లీ ఎలక్ట్రోలైట్ ఆక్సీకరణ మొదలవుతుంది. ఒక హాని ఇంకో హానికి దారి చేస్తుందన్నమాట.

మూడోది కంటికి కనపడని వలస. ఆమ్ల పదార్థాలు కాథోడ్‌లోని మాంగనీస్ లాంటి లోహాలను కొద్దికొద్దిగా కరిగిస్తాయి. కరిగిన లోహం ఎలక్ట్రోలైట్‌లోంచి ఈది గ్రాఫైట్ మీద చేరి, అక్కడి రక్షణ పొరను చెడగొడుతుంది. దీనివల్ల కాథోడ్ దగ్గర చేసిన తప్పుకు ఆనోడ్ దగ్గర కూడా మూల్యం చెల్లించాల్సి వస్తుంది.

ఇవన్నీ ఎప్పుడూ ఎంతో కొంత జరుగుతూనే ఉంటాయి. ఆఖరి 0.1 వోల్టు వాటన్నిటినీ ఒకేసారి ఉసిగొల్పుతుంది.

మరి కెపాసిటీ ఎందుకు తగ్గుతుంది?

ముందే ఆపామంటే అంత లిథియం కాథోడ్‌లోంచి బయటికి రాలేదని అర్థం. బయటికి రాని లిథియం తిరిగి లోపలికి వెళ్లేటప్పుడు మనకు కరెంటు ఇవ్వదు. 4.1కీ 4.2కీ మధ్య ఎన్‌ఎంసీ సెల్‌లో ఉండే సరుకు మొత్తంలో ఎనిమిది నుంచి పది శాతం.

కాథోడ్‌లో ఉన్న లిథియమంతా లాగడం 4.2 దగ్గర కూడా జరగదు. పాత తరం ఫోన్లలో వాడిన లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌నే తీసుకోండి. లిథియం మొత్తం లాగగలిగితే గ్రాముకు 274 మిల్లీ యాంపియర్ అవర్లు రావాలి. 4.2 సెల్‌లో దాంతో తీసేది సుమారు 140 మాత్రమే, అంటే సగం. అంతకు మించి లాగితే ఆ స్ఫటికం తట్టుకోలేదని అక్కడ గీత గీశారు. 4.2 అన్నది ప్రకృతి పెట్టిన హద్దు కాదు. కెపాసిటీ, ఆయుష్షు, భద్రత మూడిటినీ తూచి కంపెనీలు ఒప్పుకున్న రాజీ అది. మీరు 4.1 ఎంచుకుంటే అదే తక్కెడలో ముల్లును ఆయుష్షు వైపు కాస్త జరుపుతున్నారు.

హాని కొద్దిగా తగ్గితే సైకిళ్లు రెట్టింపు ఎలా అవుతాయి?

ప్రతి సైకిల్‌లో పక్క చర్యల్లో చిక్కుకుని కొంత లిథియం శాశ్వతంగా పోతుంది. ఆ వాటా వినడానికి చాలా చిన్నది. ఉదాహరణకు ప్రతి సైకిల్‌కూ 0.05 శాతం పోతోందనుకుందాం, అంటే 99.95 శాతం క్షేమంగా తిరిగొస్తోంది. ఇలా పోతూ పోతూ కెపాసిటీ 80 శాతానికి చేరడానికి సుమారు 446 సైకిళ్లు పడుతుంది.

ఇప్పుడు నష్టం 0.025 శాతానికి తగ్గిందనుకోండి, 99.975 శాతం తిరిగొస్తోంది. సైకిళ్లు సుమారు 892 అవుతాయి. రెండు సెల్స్‌నూ ఒక్క సైకిల్ నడిపి చూస్తే మామూలు మీటర్‌కు ఏ తేడా కనపడదు. ఆయుష్షు లెక్కలో మాత్రం మొదటిది రెండేళ్లు పనిచేస్తే రెండోది నాలుగేళ్లు పనిచేస్తుంది. కెనడాలోని హాలిఫాక్స్‌లో, డల్హౌసీ యూనివర్సిటీలో జెఫ్ డాన్ బృందం ఈ అతి చిన్న నష్టాన్ని కొలవడానికే ప్రత్యేకమైన ఛార్జర్లు తయారు చేసుకుంది. కొన్ని వారాల కొలతతోనే ఏ సెల్ ఎక్కువ కాలం బతుకుతుందో పోల్చి చెప్పగలగడానికి కారణం అదే.

కెపాసిటీ తగ్గిందంటే బ్యాటరీ పాడైనట్టు కాదా?

కాదు. వాడకుండా వదిలేసిన కెపాసిటీ వేరు, పోయిన కెపాసిటీ వేరు. 4.1 దగ్గర ఆపినప్పుడు ఆ పది శాతం కాథోడ్‌లో భద్రంగా ఉంది. రేపు దూర ప్రయాణం ఉంటే ఛార్జర్ 4.2కి పెట్టి తీసుకోవచ్చు. పక్క చర్యల్లో పోయిన లిథియం మాత్రం ఎన్ని వోల్టులు పెట్టినా తిరిగి రాదు.

ఈ తేడాను బాగా వాడుకునేది ఉపగ్రహాల వాళ్లు. భూమికి 500, 600 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం రోజుకు దాదాపు 15 సార్లు భూమి నీడలోకి వెళ్లొస్తుంది. ఏడాదికి సుమారు 5,500 సార్లు బ్యాటరీ కొంత ఖాళీ అయి నిండుతుంది. పైకెక్కి మార్చే వీలు లేదు. అందుకని మొదటి ఏళ్లలో ఛార్జింగ్ వోల్టేజ్ తక్కువ పెట్టి నడిపి, బ్యాటరీ ముసలిదయ్యేకొద్దీ ఆ హద్దును మెట్టుమెట్టుగా పెంచే పద్ధతి ఉంది. దాచిపెట్టిన కెపాసిటీని చివర్లో అవసరానికి బయటికి తీస్తారు.

కార్లలోనూ ఇదే చేశారు. 2010 చివర్లో వచ్చిన మొదటి తరం షెవ్రొలే వోల్ట్‌లో 16 కిలోవాట్ అవర్ల ప్యాక్ ఉండేది. డ్రైవర్‌కు వాడుకోవడానికి ఇచ్చింది అందులో పదికి కాస్త పైన మాత్రమే. మిగతాది పైనా కిందా వదిలేశారు.

నా స్కూటర్‌కు ఇది గిట్టుబాటవుతుందా? లెక్క చూపించండి.

లైసెన్సు అక్కర్లేని తక్కువ వేగపు స్కూటర్లలో కనిపించే 48 వోల్టుల ప్యాక్ తీసుకుందాం. 13 గ్రూపులు సిరీస్‌లో, ఒక్కో గ్రూపులో 2.5 యాంపియర్ అవర్ల సెల్స్ 10 ప్యారలల్‌గా ఉన్నాయి. అంటే 25 యాంపియర్ అవర్లు. సగటు వోల్టేజ్ 46.8తో గుణిస్తే 1,170 వాట్ అవర్లు. కిలోమీటరుకు 20 వాట్ అవర్లు తింటుందనుకుంటే నిండు ఛార్జ్ మీద 58 కిలోమీటర్లు వస్తుంది.

ఒక్కో సెల్‌ను 4.2 దాకా నింపాలంటే ఛార్జర్ 54.6 వోల్టులివ్వాలి. 4.1 కావాలంటే 53.3, 4.0 కావాలంటే 52.0.

53.3 దగ్గర ఆపితే 52 కిలోమీటర్లు, 52.0 దగ్గర ఆపితే 45 కిలోమీటర్ల చుట్టుపక్కల వస్తుంది. ఆఫీసుకు వెళ్లిరావడానికి మీకు రోజుకు 30 కిలోమీటర్లు చాలు అంటే, ఆ పైనున్న పది శాతం మీకు రోజూ పనికిరాని బరువే. దాన్ని నింపి ఉంచినందుకు మాత్రం సెల్ రోజూ అరుగుతోంది.

మొత్తం జీవితంలో ఎంత దూరం నడుస్తుందో కూడా చూడండి. 4.2 దగ్గర 500 సైకిళ్లు, ఒక్కోటీ 58 కిలోమీటర్లు అయితే 29,000 కిలోమీటర్లు. 4.1 దగ్గర 1,000 సైకిళ్లు, ఒక్కోటీ 52 అయితే 52,000 కిలోమీటర్లు. రేంజ్ క్రమంగా తగ్గడాన్ని రెండు వైపులా లెక్కలో వేయలేదు, కాబట్టి అసలు అంకెలు రెండూ ఇంతకంటే తక్కువే ఉంటాయి, వాటి మధ్య పోలిక మాత్రం నిలుస్తుంది. ఒక్కో ఛార్జింగ్‌కు పది శాతం వదులుకుని, మొత్తం మీద డెబ్భై, ఎనభై శాతం ఎక్కువ దూరం పొందాం.

రోజుకు 55 కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రాడికి ఈ లెక్క వేరుగా వస్తుంది. అతను 4.1 దగ్గర ఆపితే మధ్యాహ్నం ఎక్కడో ఒక గంట ఛార్జింగ్ పెట్టుకోవాలి. ఆ వీలుంటే అతనికీ లాభమే. వీలు లేకపోతే 4.2 దాకా నింపుకుని, బయలుదేరే ముందు మాత్రమే నిండేలా చూసుకోవడం మంచిది.

ఛార్జర్‌లో వోల్టేజ్ ఎలా తగ్గించాలి?

కొన్ని ఛార్జర్లలో లోపల ఒక చిన్న అడ్జస్ట్‌మెంట్ స్క్రూ ఉంటుంది. ప్యాక్ తగిలించకుండా, ఔట్‌పుట్‌కు మల్టీమీటర్ పెట్టి, స్క్రూను వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా తిప్పుతూ 53.3కి తేవాలి. ఛార్జర్ మూత తీస్తే లోపలి కెపాసిటర్లలో ప్లగ్ పీకాక కూడా 300 వోల్టులకు పైగా నిలవ ఉండొచ్చు. ఈ పని తెలియని వాళ్లు ముట్టుకోకుండా ఛార్జర్ రిపేర్ చేసేవాళ్ల చేత చేయించుకోవాలి, లేదా వోల్టేజ్ మార్చుకునే వీలున్న ఛార్జర్ కొనుక్కోవాలి.

ప్యాక్‌లోని సెల్స్‌ను కాపాడే సర్క్యూట్ అయిన బీఎంఎస్‌లో ఓవర్‌వోల్టేజ్ హద్దును 4.1కి దించి, పాత ఛార్జరే వాడతామని కొందరు అంటుంటారు. అది సరైన దారి కాదు. బీఎంఎస్ హద్దు ప్రమాదం వస్తే తెంచడానికి పెట్టిన కత్తెర. ఛార్జర్ మామూలుగా చేసే పని, అంటే వోల్టేజ్‌ను నిలిపి ఉంచి కరెంటును మెల్లగా తగ్గించుకుంటూ రావడం, దానికి చేతకాదు. పూర్తి కరెంటు మీద తెంచేస్తే సెల్ నిజంగా చేరాల్సిన చోటికి చేరదు, మీరనుకున్న పది శాతం కంటే ఎక్కువే పోతుంది.

తగ్గించి కొన్ని నెలలైంది. మీటర్‌లో ఛార్జ్ ఉన్నా బండి ఆగిపోతోంది. ఎందుకు?

దాదాపు ఎప్పుడూ బ్యాలెన్సింగే కారణం. వోల్టేజ్ తగ్గించిన వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి దీన్ని వివరంగా చెప్పాలి.

13 గ్రూపులూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకటి కాస్త ఎక్కువ స్వీయ డిస్‌ఛార్జ్ అవుతుంది, ఇంకోటి తక్కువ. ఆ తేడాను సరిచేయడానికి బీఎంఎస్ ఎక్కువున్న గ్రూపు నుంచి ఒక చిన్న రెసిస్టర్ ద్వారా కొంత కరెంటు కాల్చేస్తుంది. చవక బీఎంఎస్‌లు చాలావరకు ఈ పనిని గ్రూపు 4.18 వోల్టుల చుట్టుపక్కలకు చేరాకే మొదలుపెడతాయి. మీరు రోజూ 4.1 దగ్గర ఆపితే అది ఎప్పుడూ మొదలవదు. తేడా నెలనెలా పెరుగుతూ పోతుంది.

చివరికి ప్యాక్ మొత్తం 53.3 చూపిస్తుంది, సగటు 4.10 సరిగ్గానే ఉంటుంది. విడివిడిగా కొలిస్తే మాత్రం ఒక గ్రూపు 4.16, ఇంకోటి 4.02 ఉండొచ్చు. పైనున్న గ్రూపు మీరు తప్పించాలనుకున్న వోల్టేజ్‌లోనే రోజూ గడుపుతోంది. కిందున్న గ్రూపు అందరికంటే ముందు ఖాళీ అయిపోతుంది, అది హద్దు తాకగానే బీఎంఎస్ మొత్తం ప్యాక్‌ను తెంచేస్తుంది. మీటర్ మిగతా పన్నెండు గ్రూపుల్లో ఉన్నదాన్ని చూపిస్తుంటే బండి రోడ్డు మధ్యలో ఆగిపోతుంది.

పట్టుకోవడం తేలిక. ఛార్జింగ్ అయ్యాక ఒక గంట ఆగి, బీఎంఎస్‌కు వెళ్లే సన్నని బ్యాలెన్స్ తీగల దగ్గర పక్కపక్క రెండు తీగల మధ్య వోల్టేజ్ కొలవండి. మీటర్ మొనలు పక్క పిన్నుకు తగలకుండా జాగ్రత్త. అన్నిట్లో పెద్దదానికీ చిన్నదానికీ తేడా 20 మిల్లీ వోల్టుల లోపు ఉంటే దిగులు లేదు. 50 దాటితే సరిచేయాలి.

సరిచేయడానికి ప్యాక్‌ను 54.6 దాకా నింపి, ఛార్జర్‌ను అలాగే కొన్ని గంటలు ఉంచాలి. ఎన్ని గంటలో కూడా లెక్కగట్టొచ్చు. బ్యాలెన్సింగ్ కరెంటు చాలా బీఎంఎస్‌లలో 50 మిల్లీ యాంపియర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. 25 యాంపియర్ అవర్ల గ్రూపులో ఒక్క శాతం తేడా అంటే 0.25 యాంపియర్ అవర్లు, దాన్ని కాల్చడానికి ఐదు గంటలు. మూడు శాతం తేడా పేరుకుంటే పదిహేను గంటలు. అందుకే నెలకోసారి, మరుసటి రోజు బండి ఎలాగూ వాడతామన్నప్పుడు, పూర్తిగా నింపి బ్యాలెన్స్ కానివ్వడం మంచి అలవాటు. నెలకొకసారి 4.2 తాకడం వల్ల వచ్చే నష్టం చాలా చిన్నది. సెల్‌ను అరగదీసేది ఎక్కువగా అక్కడ గడిపే కాలం, అక్కడికి వెళ్లొచ్చే సంఖ్య.

ఏ వోల్టేజ్ దగ్గరైనా బ్యాలెన్సింగ్ మొదలుపెట్టేలా సెట్ చేసుకునే స్మార్ట్ బీఎంఎస్ ఉంటే ఈ తలనొప్పి ఉండదు. దాన్ని 4.05 దగ్గర మొదలుపెట్టమని చెప్పొచ్చు.

ఇంట్లో సోలార్‌కు ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ ఉంది. దానికీ వర్తిస్తుందా?

పేరుకు వర్తిస్తుంది కానీ కారణమూ ఫలితమూ వేరు. ఎల్‌ఎఫ్‌పీ కాథోడ్ 3.4 వోల్టుల దగ్గర దాదాపు సమతలంగా నడుస్తుంది. ఎలక్ట్రోలైట్ ఆక్సీకరణ చెందే వోల్టేజ్‌కు అది చాలా కింద ఉంటుంది. కాబట్టి పైన చెప్పిన కాథోడ్ కష్టాలు ఇక్కడ పెద్దగా లేవు.

సెల్‌కు 3.65 దాకా నింపొచ్చని కంపెనీ చెబుతుంది. 3.45 దగ్గర ఆపి కాసేపు ఉంచితే కెపాసిటీలో ఒకటి రెండు శాతం కూడా తగ్గదు, ఎందుకంటే పైనున్న ఆ 0.2 వోల్టుల్లో సరుకు దాదాపు లేదు. 16 సెల్స్ సిరీస్‌లో ఉన్న ప్యాక్‌కు అది 58.4కు బదులు 55.2. లాభమేమిటంటే ఆఖర్లో ఒక సెల్ మిగతావాటికంటే ముందు నిండి ఎగబాకడం తగ్గుతుంది. దీన్ని చూసి 3.45 అంటే 80 శాతం అనుకోకండి, అది దాదాపు నిండు కుండే. ఎల్‌ఎఫ్‌పీలో ఆయుష్షు పెంచాలంటే వోల్టేజ్ కంటే వేడి మీద, నిండుగా ఉంచే కాలం మీద దృష్టి పెట్టాలి.

ఫోన్ సెల్ మీద 4.45 అని రాసి ఉంది. దాన్ని 4.1 దగ్గర ఆపాలా?

అక్కర్లేదు. ఆ సెల్స్‌లో కాథోడ్ రేణువులకు పూత పూసి, ఎలక్ట్రోలైట్‌లో ప్రత్యేక పదార్థాలు కలిపి, గ్రాఫైట్‌ను ఆ వోల్టేజ్‌కు సరిపడా పెడతారు. ఎంత తగ్గించాలన్నది ఆ సెల్‌ను ఏ హద్దుకు తయారు చేశారో దాన్నుంచి లెక్కపెట్టాలి. ఫోన్‌లో 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే అది ఈ పనే చేస్తుంది.

దీని తిరగేసిన పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు. 4.2కి చేసిన సెల్‌ను 4.35 దాకా నింపితే కెపాసిటీ కాస్త పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ అందులో గ్రాఫైట్‌ను 4.2కి లెక్కగట్టి పెట్టారు. అంతకు మించి వచ్చిన లిథియానికి గ్రాఫైట్‌లో చోటు లేక, పైన లోహంలా పేరుకుంటుంది. అది లోపల షార్ట్ అయ్యేదాకా వెళ్లగలదు.

బండి వారానికి రెండు రోజులే వాడతాను. సైకిళ్లు పెరిగితే నాకేం లాభం?

మీ బ్యాటరీని ముసలిది చేసేది సైకిళ్లు కాదు, కాలం. బండి ఊరికే నిలబడి ఉన్నా పక్క చర్యలు ఆగవు. వాటిని నడిపేవి రెండు: సెల్ ఎంత నిండుగా ఉందన్నది, ఎంత వేడిగా ఉందన్నది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని లెక్క. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండలో నిండు ఛార్జ్‌తో వారమంతా నిలబెట్టిన బండికి వారం రోజులు వాడినంత అరుగుదల వాడకుండానే వస్తుంది.

గ్రాఫైట్ సగానికి పైగా నిండాక దాని వోల్టేజ్ ఒక మెట్టు కిందికి దిగుతుంది, అప్పుడు దాని మీది రక్షణ పొర ఇంకాస్త వేగంగా పెరుగుతూ లిథియాన్ని తింటుంది. అందుకే వాడని రోజుల్లో సగం దగ్గర, అంటే సెల్‌కు 3.7, 3.8 వోల్టుల దగ్గర ఉంచి, నీడలో పెట్టాలి. వాడబోయే ముందు రాత్రి 4.1కి నింపుకుంటే చాలు.

అలాగైతే 3.8 దగ్గరే ఆపేస్తే ఇంకా మంచిది కదా?

మామూలు సెల్‌ను 3.8 దగ్గర ఆపితే సగానికి దగ్గరగా కెపాసిటీ వదులుకోవాలి. 4.2 నుంచి 4.1కి దిగినప్పుడు వచ్చినంత లాభం ఆ తర్వాతి ప్రతి మెట్టులోనూ రాదు, ఖర్చు మాత్రం పెరుగుతూ పోతుంది. పైగా కెపాసిటీ చాలక మీరు రోజూ అడుగుదాకా ఖాళీ చేయడం మొదలుపెడితే, ముఖ్యంగా ఆనోడ్‌లో సిలికాన్ కలిసిన కొత్త సెల్స్‌లో, ఆ లోతైన డిస్‌ఛార్జ్ వేరే రకంగా అరగదీస్తుంది. రోజూ తిరిగే బండికి 4.05, 4.1 మధ్య ఎక్కడో ఆపడం నా ఎంపిక.

అయితే 3.8 కోసమే మొదటినుంచీ సెల్ తయారు చేస్తే కథ మారుతుంది. 2022లో జెఫ్ డాన్ బృందమే ఎన్‌ఎంసీ సెల్స్‌ను 3.8 వోల్టుల హద్దుకు సరిపడా గ్రాఫైట్‌తో, వేరే లిథియం లవణంతో తయారు చేసి పరీక్షించింది. 25 డిగ్రీల దగ్గర నూరేళ్లకు చేరువైన ఆయుష్షు ఉండొచ్చని వాళ్ల అంచనా. కొలిచిన ఏళ్లు కావవి, కొలతల నుంచి ముందుకు సాగదీసిన లెక్క. అయినా కాథోడ్‌ను సుఖమైన వోల్టేజ్‌లో ఉంచితే ఇదే ఎన్‌ఎంసీ ఎంత దూరం వెళ్లగలదో అది చెబుతోంది.

తగ్గించినందుకు నిజంగా ఫలితం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

కొత్త ప్యాక్ వచ్చిన వెంటనే ఒకసారి 4.2 దాకా నింపి, ఒక గంట ఆగి, బండి కటాఫ్ అయ్యేదాకా నడిపి, ఎన్ని వాట్ అవర్లు వచ్చాయో రాసిపెట్టండి. బ్యాటరీకీ కంట్రోలర్‌కూ మధ్య తగిలించే చిన్న వాట్ మీటర్ దీనికి చాలు. ఆరు నెలలకోసారి ఇదే కొలత మళ్లీ తీయండి, ప్రతిసారీ 4.2 నుంచే. మీరు రోజూ ఆపే 4.1 దగ్గర్నుంచి కొలిస్తే, వదిలేసిన కెపాసిటీనీ పోయిన కెపాసిటీనీ కలిపి గందరగోళపడతారు. ఎండాకాలం కొలతను చలికాలం కొలతతో పోల్చకండి. చలిలో సెల్ నిరోధం పెరిగి అంకె తక్కువ వస్తుంది.

మొదటి కొన్ని నెలల్లో రెండు మూడు శాతం పడితే కంగారు పడనక్కర్లేదు, గ్రాఫైట్ మీద రక్షణ పొర కుదురుకోవడంలో అంత పోతుంది. ఆ తర్వాత పడే వేగం తగ్గాలి. తగ్గకుండా ప్రతి ఆరు నెలలకూ అంతే, లేదా అంతకంటే ఎక్కువ పడుతుంటే ముందు గ్రూపుల వోల్టేజ్ చూడండి, తర్వాత బండి నిలిపే చోటు ఎంత వేడెక్కుతోందో చూడండి. ఇంకో గుర్తు కూడా ఉంది. సగం ఛార్జ్ దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు వోల్టేజ్ ఎంత పడుతోందో మొదట్లోనే రాసుకోండి. కొత్తలో 1.5 వోల్టులు పడేది ఇప్పుడు 3 పడుతుంటే లోపలి నిరోధం రెట్టింపైనట్టే, వాట్ అవర్లు ఇంకా బాగానే కనిపిస్తున్నా సరే. కాథోడ్ మీద పొర పేరుకుంటే సాధారణంగా ముందు కనపడేది ఈ అంకెలోనే.